వడ్డీ పెంచితే ధరలు పెరిగాయా?

ధరలు మండిపోతుంటే కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచుతుంది. అప్పు ప్రియమవుతుంది, కొనేవాళ్లు తగ్గుతారు, ధరలు దిగివస్తాయి. ఇది ఎకనామిక్స్ పుస్తకాల్లోనే కాదు, ఇంటి రుణానికి ఈఎంఐ కట్టేవాళ్ల నోట కూడా వినిపించే మాటే. 1992లో క్రిస్టఫర్ సిమ్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, జపాన్‌ల లెక్కలు ముందేసుకుని ఈ మాట నిజమేనా అని చూశాడు. వడ్డీ హఠాత్తుగా పెరిగిన తరువాత ధరలు దిగాల్సింది పోయి చాలా నెలలపాటు పైకే పోతున్నట్టు గీతలు వచ్చాయి. ఆ వ్యాసం మీద వ్యాఖ్య రాసిన మార్టిన్ ఐకెన్‌బామ్ దీనికి ‘ప్రైస్ పజిల్’ అని పేరు పెట్టాడు. మనం ధరల చిక్కుముడి అనుకుందాం.

ఆ గీతలను ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. వాటిని గీసే యంత్రం పేరు వెక్టర్ ఆటోరిగ్రెషన్, పొట్టిగా వీఏఆర్. చిక్కుముడి ఎలా పడిందో తెలియాలంటే ముందు ఈ యంత్రాన్ని విప్పి చూడాలి.

దీన్ని ఆర్థికశాస్త్రంలోకి తెచ్చింది కూడా సిమ్సే, 1980లో. అప్పటికి దేశ ఆర్థిక వ్యవస్థను లెక్కగట్టే నమూనాల్లో వందల సమీకరణాలుండేవి. ఏ సమీకరణంలో ఏ అంశం ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది నమూనా కట్టేవాడి ఇష్టం. ఆ నిర్ణయాలు చాలావరకు నమ్మశక్యం కానివని సిమ్స్ తేల్చేశాడు. అతను ప్రతిపాదించిన పద్ధతి చూడటానికి మొరటుగా ఉంటుంది. కొన్ని అంశాలు ఎంచుకో. ఒక్కొక్కదానికి ఒక సమీకరణం రాయి. ప్రతి సమీకరణంలోనూ అన్ని అంశాల వెనకటి విలువలనూ పెట్టు. దేన్నీ ముందే కాదనకు, లెక్కలనే చెప్పనివ్వు. 2011లో థామస్ సార్జెంట్‌తో కలిపి సిమ్స్‌కు నోబెల్ బహుమతి వచ్చింది ఈ దారిలో చేసిన పనికే.

జేమ్స్ స్టాక్, మార్క్ వాట్సన్ 2001లో ఈ పద్ధతిని నేర్పడానికి తీసుకున్న ఉదాహరణ చిన్నది, చక్కటిది. అమెరికా ద్రవ్యోల్బణం, నిరుద్యోగం, అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ నడిపే ఫెడరల్ ఫండ్స్ వడ్డీ రేటు. ఈ మూడే. 1960 నుంచి 2000 దాకా మూడు నెలలకొకటి చొప్పున 164 త్రైమాసికాలు. ఈ త్రైమాసికపు ద్రవ్యోల్బణాన్ని గత నాలుగు త్రైమాసికాల ద్రవ్యోల్బణం, నిరుద్యోగం, వడ్డీలతో వివరిస్తారు. మిగిలిన రెండింటికీ ఇదే వరస. అంటే ఒక్కో సమీకరణంలో పన్నెండు గుణకాలు, ఒక స్థిరాంకం. మూడు సమీకరణాలకూ కలిపి 39.

ఈ 39 సంఖ్యల పట్టికను పక్కన పెట్టుకుని ‘రెండు త్రైమాసికాల కిందటి వడ్డీకి గుణకం ఇంత, కాబట్టి వడ్డీ ప్రభావం ఇంత’ అని చదివేవాళ్లుంటారు. అలా చదవకూడదు. ఎందుకో తెలియడానికి ఇంకా చిన్న నమూనా ఒకటి చేద్దాం. ఇందులో అంకెలు నేను కల్పించినవి, అమెరికావి కావు. రెండే అంశాలు, నిరుద్యోగం, వడ్డీ. వెనకటి త్రైమాసికం ఒక్కటే చూస్తాం.

```
నిరుద్యోగం(t) = 0.9 × నిరుద్యోగం(t-1) + 0.2 × వడ్డీ(t-1)
వడ్డీ(t) = 0.8 × వడ్డీ(t-1) - 0.3 × నిరుద్యోగం(t-1)
```

మొదటి వరుస చెప్పేది ఇది: నిరుద్యోగం నెమ్మదిగా కదిలే బండి, వడ్డీ పెరిగితే మరుసటి త్రైమాసికం కాస్త పెరుగుతుంది. రెండోది బ్యాంకు నడవడి: వడ్డీని ఒక్కసారిగా మార్చదు, నిరుద్యోగం పెరిగితే మాత్రం తగ్గిస్తుంది. అంతా మామూలుగా ఉన్నప్పుడు ఒక త్రైమాసికంలో ఎవరూ ఊహించని విధంగా వడ్డీ ఒక శాతం పాయింటు పెరిగిందనుకుందాం. ఆ తరువాత కొత్త షాకులేవీ లేవు. చేతిలెక్క చాలు.

మొదటి త్రైమాసికం తిరిగేసరికి వడ్డీ 0.8, నిరుద్యోగం 0.2. రెండోసారికి వడ్డీ 0.58, నిరుద్యోగం 0.34. మూడోసారికి 0.36, 0.42. నాలుగోసారికి వడ్డీ 0.16కు పడిపోయింది, నిరుద్యోగం 0.45కు చేరింది. ఐదోసారికి వడ్డీ దాదాపు సున్నా, నిరుద్యోగం 0.44. ఆరోసారికి వడ్డీ సున్నా కిందికి, మైనస్ 0.14కు దిగిపోయింది.

ఈ అంకెల వరుసే ఇంపల్స్ రెస్పాన్స్. దీన్ని గీతగా గీస్తే నిరుద్యోగం ఏడాది తరువాత శిఖరానికి చేరి దిగడం మొదలుపెడుతుంది. అప్పటికి దాన్ని పెంచిన వడ్డీ దాదాపుగా మాయమైంది. సమీకరణంలో ‘నాలుగు త్రైమాసికాల కిందటి వడ్డీ’ అన్న అంశమే లేదని గుర్తుంచుకోండి. ఉన్నది ఒక్క 0.2. ఏడాది ఆలస్యం ఏ గుణకంలోనూ లేదు, గుణకాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి తిరగడంలో ఉంది. వీఏఆర్ వేసినవాళ్లు గుణకాలు చూపించకుండా గీతలే చూపించేది అందుకే.

ఇక ఎన్ని త్రైమాసికాలు వెనక్కి చూడాలి? దీన్నే లాగ్‌ల ఎంపిక అంటారు. ఒక లాగ్ పెంచిన ప్రతిసారీ మూడు సమీకరణాల్లో మూడేసి, మొత్తం తొమ్మిది కొత్త గుణకాలు వచ్చి పడతాయి. మూడు అంశాలు, నాలుగు లాగ్‌లకు 39 గుణకాలయితే, నెలవారీ లెక్కల్లో ఆరు అంశాలు, పన్నెండు లాగ్‌లకు అవి 438. లాగ్‌లు పెంచితే పాత లెక్కలకు నమూనా ఎప్పుడూ ఇంకాస్త బాగానే అతుకుతుంది. అతికింది కదా అని మురిసిపోతే అందులో సగం కాకతాళీయాన్ని బట్టీ పట్టినదే అవుతుంది. అందుకని కొత్త గుణకాల మీద సుంకం వేస్తారు.

```
AIC = ln|Σ| + 2k/T
BIC = ln|Σ| + k ln(T)/T
```

Σ అంటే నమూనా చేసే తప్పుల పరిమాణం, k మొత్తం గుణకాలు, T లెక్కలోకొచ్చిన త్రైమాసికాలు. ఫలితం ఎంత చిన్నదయితే అంత మేలు. మొదటిది జపాన్ గణాంకవేత్త అకాయికె పేరు మీదిది, రెండోది ష్వార్జ్‌ది. తేడా అంతా సుంకంలోనే. 164 త్రైమాసికాల్లో ఎనిమిది లాగ్‌ల దాకా పరీక్షిద్దామనుకుని మొదటి ఎనిమిదింటినీ పక్కన పెడితే 156 మిగులుతాయి. ఒక లాగ్ చేర్చడానికి అకాయికె వేసే సుంకం 2×9/156, అంటే 0.115. ష్వార్జ్ వేసేది 0.291. ఈ రెంటికీ నడిమధ్య హన్నన్, క్విన్ అనే ఇద్దరి ప్రమాణం ఒకటుంది, దాని సుంకం 0.187.

ఇప్పుడు రెండో లాగ్ చేరిస్తే ln|Σ| 0.40 తగ్గిందనుకోండి. మూడోది 0.20 తగ్గించింది, నాలుగోది 0.14, ఐదోది 0.06. ష్వార్జ్ రెండు దగ్గర ఆగిపోతాడు, ఎందుకంటే మూడోది తెచ్చిన 0.20 అతని సుంకానికి చాలదు. హన్నన్-క్విన్ మూడు దగ్గర ఆగుతారు. అకాయికె నాలుగు దాకా వెళ్తాడు. ఒకే లెక్కలకు మూడు జవాబులు. విద్యార్థులు ఇక్కడే కంగారుపడి సాఫ్ట్‌వేర్‌లో ఏ నక్షత్రం గుర్తు ఎక్కువ చోట్ల కనిపిస్తే అది తీసుకుంటారు. ఓట్ల లెక్కింపు కాదిది.

మనకు కావలసింది ఏమిటన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. కావలసింది ఇంపల్స్ రెస్పాన్స్ గీత అయితే, లాగ్‌లు తక్కువ పడటమే ఎక్కువ ప్రమాదం. రెండు లాగ్‌ల నమూనాకు మూడో, నాలుగో త్రైమాసికంలో జరిగే మలుపును నేరుగా పట్టుకునే వీలు లేదు. మొదటి రెండు త్రైమాసికాల్లో చూసినదాన్నే సాగదీసి మిగతా గీతంతా గీసేస్తుంది. పైగా పట్టుబిగువు చాలా ఉన్నట్టు, అనిశ్చితి తక్కువన్నట్టు కనిపిస్తుంది. లాగ్‌లు ఎక్కువైతే జరిగేది వేరే: గీత రంపపు పళ్లలా ఊగుతుంది, చుట్టూ ఉన్న పట్టీ వెడల్పవుతుంది. అది కనీసం తనకు తెలియదని ఒప్పుకుంటుంది. 2005లో ఇవానోవ్, కిలియన్ ఈ ప్రమాణాలను గీతల కచ్చితత్వం దృష్టితోనే పోల్చి చూశారు. నెలవారీ లెక్కలకు అకాయికె, త్రైమాసిక లెక్కలకు హన్నన్-క్విన్ మెరుగని, లెక్కలు 120 త్రైమాసికాలకు తక్కువైతే ష్వార్జ్ నయమని వాళ్లు తేల్చారు.

ఏది ఎంచుకున్నా ఒక పరీక్ష తప్పదు. నమూనా చేసిన తప్పులను వరసగా పేర్చి చూడాలి. ఈ త్రైమాసికం తప్పును బట్టి వచ్చే త్రైమాసికం తప్పును ఊహించగలిగితే నమూనా ఇంకా ఏదో వదిలేసిందన్నమాట. అప్పుడు మనం ‘షాక్’ అని పిలిచేది షాకే కాదు, ముందే తెలిసిన సంగతి. ఇంకొకటి, చిన్నదే గాని చాలామంది జారిపడేది: లాగ్‌లను పోల్చేటప్పుడు అన్నింటికీ అవే 156 త్రైమాసికాలు వాడాలి. ఒక లాగ్‌కు 163, ఎనిమిదికి 156 వాడి ఫలితాలను పోలిస్తే రెండు వేర్వేరు తక్కెడలతో తూచినట్టే.

లాగ్‌లు తేలాయి. ఇక గీత చదవడం. ఇందులో అన్నిటికన్నా బరువైన మాట షాక్. వడ్డీ పెరగడం షాక్ కాదు. ద్రవ్యోల్బణం పెరిగింది కాబట్టి బ్యాంకు మామూలుగా పెంచేంత పెంచితే అది సమీకరణం ముందే చెప్పిన పెంపు. ఆపైన మిగిలినదే షాక్. గీత జవాబిచ్చే ప్రశ్న ‘వడ్డీ పెంచితే ఏమవుతుంది’ కాదు. ‘ఎప్పటి అలవాటుకన్నా ఎక్కువగా పెంచితే, అలా పెంచని దారితో పోలిస్తే ఎంత తేడా’ అన్నది. సున్నా గీత అంటే ద్రవ్యోల్బణం సున్నా అని కాదు, తేడా లేదని.

అయితే ఒకే త్రైమాసికంలో మూడు సమీకరణాల తప్పులూ కలిసే కదులుతాయి. అనుకున్నదానికన్నా నిరుద్యోగం తగ్గింది, అదే త్రైమాసికంలో అనుకున్నదానికన్నా వడ్డీ పెరిగింది. ఎవరు ఎవరిని కదిలించారు? లెక్కలు ఎంత పిండినా ఈ జవాబు రాలదు. మనిషే చెప్పాలి. స్టాక్, వాట్సన్ ద్రవ్యోల్బణాన్ని మొదట, నిరుద్యోగాన్ని తరువాత, వడ్డీని చివర పెట్టారు. అంటే వడ్డీ నిర్ణయించేవాళ్లు ఆ త్రైమాసికపు ధరలనూ ఉద్యోగాలనూ చూసి నిర్ణయిస్తారు, కానీ వడ్డీ మార్పు ధరలనూ ఉద్యోగాలనూ అదే త్రైమాసికంలో తాకదు. ఇలా వరసగా విడదీసే గణిత పద్ధతికి ఛోలెస్కీ పేరుంది. ఆయన ఫ్రెంచి సైన్యంలో సర్వేలు చేసిన అధికారి, 1918లో యుద్ధంలో చనిపోయాడు. తన పేరు ఫెడరల్ రిజర్వ్ వడ్డీల దాకా వస్తుందని కలలో కూడా అనుకుని ఉండడు.

ఏ ముందస్తు నమ్మకాలూ వద్దని మొదలైన పద్ధతి ఇక్కడికొచ్చేసరికి ఒక నమ్మకాన్ని పెరటి గుమ్మంలోంచి లోపలికి రానిచ్చింది. దాన్ని దాచకపోతే తప్పు లేదు. వరస తిరగేసి, వడ్డీని మొదట పెట్టి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఇంచుమించు ఒకటిగా ఉంటే నిశ్చింత. రూపురేఖలే మారిపోతే మీరు చూస్తున్నది అమెరికాను కాదు, మీ వరసను.

గీత చుట్టూ ఉండే పట్టీ సంగతి రెండు మాటల్లో. స్టాక్, వాట్సన్‌ల బొమ్మల్లో పట్టీ ఒక ప్రామాణిక దోషం వెడల్పుది, అంటే సుమారు 66 శాతం భరోసా ఉన్నదే. అదే గీతకు 95 శాతం పట్టీ వేస్తే రెట్టింపు వెడల్పవుతుంది. అప్పుడు సున్నా లోపలికి వచ్చేస్తుందేమో చూడకుండా ‘ప్రభావం ఉంది’ అనకూడదు. ఇంకో పొరపాటు కొలతలది. ద్రవ్యోల్బణం గీత సున్నాకు తిరిగి వచ్చిందంటే ధరలు పాత చోటికి వచ్చాయని కాదు. ధరలు పెరిగే వేగం పాత వేగానికి వచ్చింది, అంతే. ధరల మట్టం ఎక్కడ నిలిచిందో తెలియాలంటే ఆ గీత కింద ఉన్నదంతా కూడుకుంటూ పోవాలి.

ఇప్పుడు చిక్కుముడి దగ్గరికి. సిమ్స్ గీతలో వడ్డీ షాక్ తరువాత ధరలు పెరిగాయి. లాగ్‌లు సరిగానే ఉన్నాయి, వరసా సమంజసమే. మరి?

మన కోస్తా రేవుల్లో తుపాను వచ్చేముందు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. మూడో నంబరు, తరువాత ఐదు, ఏడు, పది. ఒకడు కాకినాడ రేవులో కూచుని రెండే రెండు సంగతులు రాసుకున్నాడనుకోండి: ఎగరేసిన నంబరు, గాలి వేగం. ఏళ్ల తరబడి రాసి వాటితో వీఏఆర్ వేశాడు. గీత ఏం చూపుతుంది? నంబరు పెంచిన మర్నాడు గాలి పెరుగుతుందని. లెక్కలో ఏ తప్పూ లేదు. హెచ్చరిక ఎగరేసినవాళ్లు బంగాళాఖాతంలో వాయుగుండాన్ని ముందే చూశారు, మనవాడి పుస్తకంలో మాత్రం వాయుగుండానికి గడి లేదు.

సిమ్స్ వివరణ ఇదే. ఫెడరల్ రిజర్వ్ అధికారుల బల్ల మీద మూడు అంకెలే ఉండవు. చమురు, లోహాలు, ధాన్యం ధరలు కదలడం వాళ్లు చూస్తారు, రాబోయే ద్రవ్యోల్బణాన్ని ముందే పసిగట్టి వడ్డీ పెంచుతారు. ఆ సమాచారం లేని నమూనాకు ఈ పెంపు కారణం లేనిదిగా కనిపిస్తుంది. దాన్ని షాక్ ఖాతాలో వేసుకుంటుంది. ఆపైన ధరలు ఎలాగూ పెరగాల్సినవి పెరుగుతాయి, ఆ నేరం వడ్డీ నెత్తిన పడుతుంది. పెంచకపోతే ఇంకెంత పెరిగేవో గీతకు తెలియదు.

అందుకని సిమ్స్ ముడి సరుకుల ధరల సూచీని నమూనాలో చేర్చాడు. రేవులో కూచున్నవాడికి బారోమీటరు ఇచ్చినట్టు. పాదరసం పడిపోయినందుకు ఎగరేసిన హెచ్చరికలను ఇప్పుడు సమీకరణమే వివరిస్తుంది. షాక్‌గా మిగిలేది పాదరసం నిలకడగా ఉన్నా ఎగరేసినవి. అలాంటప్పుడు గాలి పెరగదు. అమెరికా గీతలో ధరల పెరుగుదల చాలావరకు తగ్గింది, అప్పటినుంచి ముడి సరుకుల సూచీ లేకుండా వడ్డీల వీఏఆర్ వేసేవాళ్లు అరుదయ్యారు.

నా మట్టుకు నాకు ఈ మందు మరీ సులువుగా దొరికిందనిపిస్తుంది. గీత మనకు నచ్చేదాకా ఒక్కో అంశం చేర్చుకుంటూ పోతే, చివరికి వచ్చే గీత మన నమ్మకానికి అద్దమే అవుతుంది. 2004లో మైఖేల్ హాన్సన్ దీన్ని గట్టిగా పరీక్షించాడు. ద్రవ్యోల్బణాన్ని బాగా ముందే చెప్పగల సూచికలు చిక్కుముడిని బాగా విప్పాలి కదా, సిమ్స్ చెప్పింది నిజమైతే? అలా జరగలేదు. ముందే చెప్పగల శక్తికీ, చిక్కు విప్పే శక్తికీ పొంతన కనబడలేదు. పైగా చిక్కుముడి ఎక్కువగా 1979కి ముందు కాలపు లెక్కల్లోనే ఉందని, ఏ సూచిక చేర్చినా అక్కడ పూర్తిగా పోవడం లేదని తేలింది. 1979లో పాల్ వోల్కర్ ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు పట్టి వడ్డీని 20 శాతం దరిదాపులకు తీసుకెళ్లాడు. అంతకుముందూ ఆ తరువాతా బ్యాంకు నడవడి ఒకటి కాదు. రెండు నడవడులను ఒకే 39 గుణకాల్లో కుక్కితే గీత ఆ రెంటికీ చెందని మధ్యరకం బ్యాంకును చూపుతుంది.

ఇంకో వాదం కూడా ఉంది. వడ్డీ వ్యాపారికి ఖర్చే. సరుకు కొనడానికి, జీతాలివ్వడానికి అప్పు తెచ్చుకునే సంస్థ వడ్డీ పెరిగితే దాన్ని కొన్నాళ్లపాటు ధరలో కలుపుతుంది. బార్త్, రేమీ 2001లో పరిశ్రమల వారీగా లెక్కలు తీసి ఇది నిర్లక్ష్యం చేయదగ్గది కాదన్నారు. అలాగైతే గీత చూపినదాంట్లో కొంత నిజమే, మనం చిక్కు అనుకుంటున్నది చిక్కు కాదు.

బారోమీటరు ఎందుకు, నేరుగా వాతావరణ కేంద్రం కాగితాలే తెచ్చుకుంటే పోలేదా అని క్రిస్టీనా రోమర్, డేవిడ్ రోమర్ ఇంకో దారి పట్టారు. ప్రతి వడ్డీ సమావేశానికి ముందు ఫెడరల్ రిజర్వ్ సిబ్బంది తమ అంచనాలను ఒక పుస్తకంగా అధికారులకు ఇస్తారు. దాన్ని గ్రీన్‌బుక్ అనేవారు, 2010 నుంచి టీల్‌బుక్ అంటున్నారు. ఆ అంచనాలు చెప్పిన మేరకు పెరిగిన వడ్డీని తీసేసి, మిగిలినదాన్నే షాక్‌గా తీసుకున్నారు. 2004లో వచ్చిన ఆ వ్యాసంలో ధరలు మొదట కొన్నాళ్లు పెద్దగా కదలక, ఆ తరువాత స్పష్టంగా తగ్గాయి. ఇబ్బందల్లా ఒక్కటే: ఆ పుస్తకాలు బయటికి రావడానికి ఐదేళ్లు పైనే పడుతుంది. 2022లో ఫెడ్ వరసగా వడ్డీ పెంచుతున్నప్పుడు వాళ్ల బల్ల మీద ఉన్న అంచనాలేమిటో ఆ ఏడాది గీతలు గీసిన బయటివాళ్లెవరికీ తెలియదు.